పడుగుపాడు హైవే ఫోటో ఈరోజుదేనా, ఎలా తేల్చుకోవాలి?

"పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది, ఈరోజు పొద్దున్నే" అని మా కోవూరు గ్రూపులో ఫోటో వచ్చింది. నాన్నగారు విజయవాడ బయలుదేరాలి, టెన్షన్‌గా ఉంది. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

ముందు ఫోటో మీద రాసిన అక్షరాలు కత్తిరించేసి, మిగిలిన భాగాన్ని గూగుల్ లెన్స్‌లో వెతకండి. అక్షరాలుంటే అదే మెసేజ్ కాపీలే ఎక్కువగా వస్తాయి. తర్వాత ఫోటోలను వెతికే టిన్‌ఐ అనే సైట్‌లో పెట్టి Oldest ఎంచుకోండి. అక్కడ కనిపించే తేదీ ఆ సైట్ చిత్రాన్ని మొదటిసారి చూసిన రోజు, ఫోటో తీసిన రోజు కాదు. అయినా అది 2021 నవంబర్ అని వస్తే, ఈరోజు తీసింది కాదని తేలిపోయినట్టే. ఆ నెల పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే నిజంగానే తెగింది, అందుకే పాత ఫోటోలు ఇంత సులువుగా నమ్మిస్తాయి.

ఏమీ దొరకకపోతే ఫోటో కొత్తదని అర్థం కాదు. సెర్చ్‌కు ఇంకా చిక్కలేదంతే.

దొరికిన పేజీ తెరిచి, అదే ఫోటో ఉందా, కింద ఊరు, తేదీ, తీసినవారి పేరు ఉన్నాయా చూడండి. గ్రూపులో పెట్టినవారిని "మీకెవరు పంపారండీ?" అని అడగండి.

ఒక్క మాట మాత్రం మరవకండి: ఫోటో పాతదైనంత మాత్రాన ఈరోజు రోడ్డు బాగుందని కాదు. దానికి హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

చివరగా మెసేజ్ స్క్రీన్‌షాట్, పాత పేజీ లింకు, మీరు చూసిన సమయం రాసిపెట్టుకోండి. ఆ పేజీని web.archive.org లో సేవ్ చేస్తే తర్వాత తీసేసినా ఆధారం ఉంటుంది. గ్రూపులో "ఫేక్" అనకుండా "ఫోటో 2021 నాటిది, లింకు ఇదిగో" అని పెట్టండి.