నవలకు రీడింగ్ జర్నల్: ముందు వస్తువు, తర్వాత అర్థం

పెద్ద నవల చదువుతూ నోట్సు రాస్తున్నాను. సగానికి వచ్చేసరికి ఏది ఎక్కడ రాశానో దొరకడం లేదు. థీమ్‌లు, ప్రశ్నలు ఎలా ట్రాక్ చేయాలి?

నోట్‌బుక్‌ను రెండు వైపుల నుంచీ వాడండి. ముందు నుంచి అధ్యాయానికి రెండు మూడు వాక్యాలు చాలు. అసలు పని వెనక వైపుది: నవలలో మళ్లీ మళ్లీ కనిపించిన ప్రతి వస్తువుకూ ఒక పేజీ ఇచ్చి, అక్కడ పేజీ నంబరు, ఎవరు, ఏం జరిగింది, ఇంతే రాయండి.

టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరెనినా’ తీసుకోండి (ముగింపు తెలియకూడదనుకుంటే ఈ పేరా వదిలేయండి). మొదట్లోనే పిల్లలు డబ్బాతో రైలు ఆట ఆడుతుంటారు. తర్వాత స్టేషన్లో ఒక రైల్వే కాపలాదారు రైలు కింద పడి చనిపోతాడు, అన్నా దాన్ని అపశకునం అంటుంది. ఏడో భాగంలో ఆమె కూడా రైలు కిందే పడుతుంది. పేజీకి ‘రైలు’ అనే పేరు పెడితే పిల్లల ఆట కూడా అందులోకి వస్తుంది. ‘విధి’ అని పెట్టి ఉంటే దాన్ని దాటేసేవాళ్లం. అందుకే అర్థాన్ని తొందరపడి రాయొద్దని నా గట్టి అభిప్రాయం. మూడు నాలుగు ఎంట్రీలయ్యాక పెన్సిల్‌తో రాసుకోండి, మారుతుంది.

ప్రశ్నల కింద నాలుగు లైన్లు ఖాళీ వదలండి. జవాబు దొరికినా పాత ఊహను కొట్టేయకండి, పక్కనే కొత్త పేజీ నంబరు వేయండి.