బామోల్ సూత్రంలో నెల ఖర్చు వేస్తే జవాబు ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: నెలకు నగదు ఖర్చు 3 లక్షలు, డిపాజిట్ నుంచి డబ్బు తెచ్చే ఒక్కో బదిలీకి 125 రూపాయలు, వడ్డీ సంవత్సరానికి 9 శాతం. ఒక్కోసారి ఎంత నగదు తీస్తే మొత్తం ఖర్చు తక్కువో చెప్పే ఈ సూత్రంతో నాకు 28,868 వస్తోంది, పుస్తకంలో లక్ష అని ఉంది. తప్పెక్కడ? అసలు దీన్ని ఎవరైనా వాడతారా?

జవాబు: మీ లెక్కలో ఖర్చు నెలది, వడ్డీ ఏడాదిది. రెండూ ఒకే కాలానివి కావాలి. ఏడాది ఖర్చు 36 లక్షలు వేసి చూడండి. ఇందులో C ఒక్కోసారి తీసే మొత్తం, b ఒక్కో బదిలీ ఖర్చు, T మొత్తం నగదు ఖర్చు, i వడ్డీ.

```
C = √(2bT/i)
  = √(2 × 125 × 36,00,000 / 0.09)
  = 1,00,000
```

నెల ఖర్చునే ఉంచి, నెల వడ్డీ 0.75 శాతం వేసినా ఇదే వస్తుంది. సరిచూసుకోవడానికి సులువైన దారి ఉంది: లక్ష చొప్పున ఏడాదికి 36 సార్లు తీస్తాం, ఖర్చు 4,500. చేతిలో ఉండే సగటు నగదు 50,000. దానిపై పోయే వడ్డీ కూడా 4,500. ఈ రెండూ సమానం కాకపోతే లెక్క తప్పినట్టే. మీ 28,868తో బదిలీలకు దాదాపు 15,590, వడ్డీ నష్టం 1,300 మాత్రమే.

ఇక వాడకం సంగతి. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమలో నేను లెక్కలు చూసేవాడిని. కూలీలకు వారంవారం నగదు ఇవ్వాలి, మిగిలిన డబ్బు డిపాజిట్‌లో ఉండేది. పుస్తకం 125 అని ఇచ్చేస్తుంది కానీ, ఆ అంకె పట్టుకోవడమే కష్టం. అందులో బ్యాంకు రుసుము కొంతే. మనిషి పూట పని పోవడం, గడువుకు ముందే డిపాజిట్ తీస్తే తగ్గే వడ్డీ కూడా ఉంటాయి. అయితే అంచనా కాస్త అటూ ఇటూ అయినా పెద్ద నష్టం లేదు. పై లెక్కలోనే లక్షకు బదులు లక్షన్నర చొప్పున తీస్తే మొత్తం ఖర్చు 9,000 నుంచి 9,750కి పెరుగుతుంది, అంతే. మా యజమానికి సూత్రం కన్నా ఈ ముక్కే నచ్చింది.

వేసవిలో జీడి పిక్కల కొనుగోలు మొదలయ్యాక మాత్రం దీన్ని పక్కన పెట్టేవాళ్లం. డబ్బు రోజూ ఒకే తీరున కరుగుతుందన్నది బామోల్ ఊహ. రైతులు ఒకరోజు బళ్లకొద్దీ తెస్తారు, మరుసటి రోజు ఎవరూ రారు. ఇలా ఊహకందని ఎగుడుదిగుళ్లకు మిల్లర్-ఆర్ నమూనా నయం. ఇందులో H నగదుకు పై హద్దు, L కింది హద్దు, హద్దు తాకినప్పుడు నగదును తిరిగి చేర్చాల్సిన నిల్వ Z:

```
Z = L + ∛(3bσ²/4i)
H = L + 3(Z − L)
```

కనీస నిల్వ L 20,000, రోజువారీ మార్పుల ప్రామాణిక విచలనం σ దాదాపు 8,485 (వర్గం 7.2 కోట్లు) అనుకోండి. ఇక్కడ i రోజు వడ్డీ: 9 శాతాన్ని 360తో భాగిస్తే 0.00025. ఘనమూలం 30,000 వస్తుంది కాబట్టి Z 50,000, H 1,10,000. నగదు 1,10,000 తాకితే 60,000 డిపాజిట్‌కు పంపాలి, 20,000కు పడితే 30,000 తేవాలి. మధ్యలో ఉన్నంతసేపు ఏమీ చేయనక్కర్లేదు. మీరు ఈసారి ఏడాది వడ్డీ వేస్తే ఘనమూలం 4,200 దగ్గర ఆగిపోతుంది.