టెక్ సందేహాలు: స్కాన్‌లో మూడంతస్తుల హెడర్, సీఎస్‌వీలో ఒక్క వరుస

ప్రశ్న: పాత జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ స్కాన్ పీడీఎఫ్‌ని ఒక ఉచిత వెబ్‌సైట్‌లో పెట్టి స్ప్రెడ్‌షీట్‌గా మార్చాను. హెడర్‌లో కలిపేసిన గడులు విడిపోయి ఖాళీలు వచ్చాయి. ఎడమ గడిలో ఉన్న పేరును కుడివైపు నింపుకుంటూ పోయి సీఎస్‌వీ చేశాను. పేర్లన్నీ బాగానే ఉన్నాయి కానీ మొత్తం జనాభా కన్నా మగవాళ్ల సంఖ్య ఎక్కువగా కనిపిస్తోంది. తప్పెక్కడ?
— పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: తప్పు ఆ నింపడంలోనే ఉంది. స్ప్రెడ్‌షీట్‌లోనే పుట్టిన ఫైలులో గడులు విడదీస్తే పేరు గుంపులోని మొదటి గడిలో మిగులుతుంది. అక్కడ కుడివైపు నింపితే సరిపోతుంది. స్కాన్ సంగతి వేరు. అచ్చులో ‘టోటల్ పాపులేషన్’ అన్న మాట మూడు కాలమ్‌ల నడిమధ్యన ఉంటుంది. బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్‌కి ఆ మాట ఏ కాలమ్ నెత్తిన ఉందో అంతే తెలుసు, దాని కింద ఎన్ని కాలమ్‌లు ఉన్నాయో తెలియదు. అందుకే దాన్ని మధ్య కాలమ్‌లో పడేస్తుంది.

మీ పట్టికలో 3వ కాలమ్ ఇళ్ల సంఖ్య, 4, 5, 6 మొత్తం జనాభా, 7, 8, 9 ఏడేళ్ల లోపు పిల్లలు అనుకుందాం. ప్రతి గుంపులోనూ వరుసగా పర్సన్స్, మేల్స్, ఫిమేల్స్ ఉంటాయి. ‘టోటల్ పాపులేషన్’ 5లో పడింది, పిల్లల శీర్షిక 8లో పడింది. కుడివైపు నింపగానే 5, 6, 7 మొత్తం జనాభా అయిపోయాయి. 7లో ఉన్నది పిల్లల పర్సన్స్ లెక్క. అది కాస్తా మొత్తం జనాభా పేరుతో కూర్చుంది. అసలు జనాభా ఉన్న 4వ కాలమ్‌కి ఇళ్ల సంఖ్య పేరు అంటుకుంది. ఇందులో ప్రమాదం ఏమిటంటే, ప్రతి గుంపులోనూ పర్సన్స్, మేల్స్, ఫిమేల్స్ ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి పేర్లు చదివి చూస్తే లోపం కంటపడదు. మీరు అంకెలు చూశారు కాబట్టి దొరికింది.

హెడర్‌ని అడ్డంగా సరిచేయడం మానేయండి, నిలువుగా రాయండి. మన ప్రభుత్వ పట్టికల్లో హెడర్ కింద 1, 2, 3 అంటూ కాలమ్ నంబర్ల వరుస ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చెత్త అనుకుని ముందే తీసేస్తారు. నిజానికి మొత్తం పట్టికలో నమ్మదగిన వరుస అదొక్కటే, ఎందుకంటే అందులో కలిపేసిన గడి ఉండదు. కొత్త షీట్‌లో A కాలమ్‌లో A2 నుంచి ఆ నంబర్లు ఒకదాని కింద ఒకటి రాయండి. స్కాన్ బొమ్మను పక్కన పెట్టుకుని, గీతలు చూస్తూ B, C, Dల్లో పై అంతస్తు, మధ్య అంతస్తు, కింది అంతస్తు పేర్లు మీ చేత్తో టైపు చేయండి. గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేది గీతే, మాట ఉన్న చోటు కాదు. నిలువుగా కలిపిన గడి, అంటే ఊరి పేరు, ఇళ్ల సంఖ్య వంటివి, ఒక్క అంతస్తులోనే రాసి మిగతావి ఖాళీగా వదలండి. తర్వాత E2లో ఇది పెట్టి కిందికి లాగండి:

```
=TEXTJOIN("_",TRUE,B2:D2)
```

ఇందులో `TRUE` ఖాళీ గడులను వదిలేస్తుంది, కాబట్టి అర్థం లేని అండర్‌స్కోర్లు రావు. వచ్చిన E కాలమ్‌ని విలువలుగా కాపీ చేసి, ట్రాన్స్‌పోజ్‌తో అడ్డంగా మార్చి డేటాపైన పెట్టండి. పేర్లు పొట్టిగా ఉండాలి. 2011 సెన్సస్ వాళ్లే కంప్యూటర్ ఫైలులో `TOT_P`, `TOT_M`, `TOT_F`, `P_06`, `P_LIT` అని ఒక్క వరుసలో ఇచ్చారు, వాటినే వాడుకోండి. విస్తీర్ణం హెక్టార్లలో ఉంటే ఆ కొలమానాన్ని కూడా పేరులో ఉంచండి. అంతస్తులతో పాటు అదీ పోతే తర్వాత ఎవరికీ దొరకదు.

ఇప్పుడు సరిచూడాలి. అంకెల్లోని కామాలు ముందే తీసేసి, సీఎస్‌వీని పైథాన్ పాండాస్‌లో `df` పేరుతో తెరిచి ఇలా అడగండి:

```
bad = df[df.TOT_P != df.TOT_M + df.TOT_F]
print(len(bad), len(df))
```

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 4,24,42,146, స్త్రీలు 4,21,38,631. కలిపితే 8,45,80,777, అదే రాష్ట్ర జనాభా. ప్రతి వరుసలోనూ లెక్క ఇలాగే కుదరాలి. ఏవో నాలుగైదు వరుసలే తప్పితే అది ఓసీఆర్ 3ని 8గా చదివిన పొరపాటు. దాదాపు అన్ని వరుసలూ తప్పితే హెడరే జరిగింది. అయితే ఎస్సీ గుంపుకి ఎస్టీ పేరు పెడితే ఈ పరీక్ష పట్టుకోలేదు, గుంపులోపల కూడిక కుదురుతూనే ఉంటుంది. గుంపుల మధ్య లెక్క వేరేగా చూడాలి. ఉదాహరణకి, ఏడేళ్ల లోపు పిల్లలను సెన్సస్ అక్షరాస్యులుగా లెక్కించదు. కాబట్టి `P_LIT` ఎప్పుడూ `TOT_P` లోంచి `P_06` తీసేయగా మిగిలినదాన్ని దాటకూడదు.

ఇక నన్ను కలవరపెట్టేది ఆ ఉచిత వెబ్‌సైట్. సెన్సస్ పట్టిక అచ్చయిన పుస్తకంలోదే, ఈసారికి పోయిందేమీ లేదు. కానీ ఇదే ప్రశ్నతో నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో పింఛన్ల జాబితాలు, స్కాలర్‌షిప్ జాబితాలు చేసేవాళ్లున్నారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు ఒకే వరుసలో ఉన్న కాగితాన్ని ఎవరిదో తెలియని సర్వర్‌కి ఎక్కిస్తున్నారు, కేవలం హెడర్ విడదీయడానికి! ఆ ముసలివాళ్ల వివరాలు వాళ్లు మీకు నమ్మి ఇచ్చినవి. ఓసీఆర్‌కి టెసరాక్ట్ మీ కంప్యూటర్‌లోనే, నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఎవరి సాయమైనా కావాలంటే హెడర్ భాగం మాత్రమే పంపండి, అదీ స్క్రీన్‌షాట్ తీసి. పీడీఎఫ్‌లోనే క్రాప్ చేస్తే మిగతా పేజీ కంటికి కనిపించదు గానీ ఫైలులో అలాగే ఉంటుంది, అవతలివాళ్లు క్రాప్ తీసేస్తే మొత్తం బయటపడుతుంది. పేర్లపై నల్ల పట్టీ గీసినా అంతే, కింద ఓసీఆర్ పొర ఉంటే ఆ అక్షరాలను కాపీ చేసుకోవచ్చు.

అసలు ఈ శ్రమ ఎందుకు పడాలి? ఇప్పటి నివేదికలు కూడా ఇలాగే వస్తున్నాయి. కంప్యూటర్‌లో పట్టికగా ఉన్నదాన్నే ప్రింటు తీసి, సంతకం పెట్టి, వంకరగా స్కాన్ చేసి జనం ముందు పెడుతున్నారు. సంతకం కాగితం కావాలంటే ఉంచండి, పక్కనే అసలు ఫైలు కూడా పెట్టండి. అది లేక ఎంతమంది విద్యార్థులు నెలల తరబడి గడులు నింపుతున్నారో తయారుచేసినవాళ్లు ఆలోచించాలి.

మీ హ్యాండ్‌బుక్‌లో పట్టిక రెండు పేజీల మీదికి పరుచుకుని ఉంటే ఇంకో మాట. కుడి పేజీలో కాలమ్ నంబర్లు ఎడమ పేజీ తర్వాతివి కొనసాగుతాయి, కాబట్టి పై జాబితానే పొడిగించండి. ‘మెయిన్ వర్కర్స్’ వంటి గుంపు పేజీ మధ్యలో తెగితే పై అంతస్తు పేరు రెండో పేజీ కాలమ్‌లకూ రాయాలి. వరుసలను మాత్రం పక్కపక్కన అతికించకండి, ఊరి క్రమ సంఖ్యను బట్టి కలపండి. ఎడమ పేజీలో 42 వరుసలు వచ్చి కుడి పేజీలో 41 వస్తే, ఓసీఆర్ ఎక్కడో ఒక వరుస మింగేసింది. అది దొరికేదాకా కలపవద్దు.