మే నెల, కడప మేడగది, మూడు రకాల గేమింగ్ సరుకులు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మధ్యాహ్నం పూట ఫోనులో షూటింగ్ గేము ఆడితే పావుగంటకే వెనకభాగం కాలిపోతోంది, ఆట ఆగి ఆగి నడుస్తోంది. చెమటకు బొటనవేళ్ళు తెరకు అతుక్కుంటున్నాయి. క్లిప్ ఫ్యాను, వేలి తొడుగులు, ఫోను పై అంచుకు బిగించే ట్రిగ్గర్లు మూడూ కలిపి 1,500 రూపాయలకు ఇస్తామంటున్నారు. వీటివల్ల నిజంగా ఉపయోగం ఉందా, దండగ ఖర్చా?

జవాబు: నేను కడపలో ఫోన్లు బాగుచేస్తాను. మీరు చెప్పిన మూడు వస్తువులూ మా దుకాణం గోడకు వేలాడుతూనే ఉంటాయి, ఒక్కొక్కటి అమ్ముడుపోయినప్పుడల్లా నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. అయినా మూడూ కలిపి కొనవద్దనే చెబుతాను. ముఖ్యంగా ఆ ధరకు వచ్చే ఫ్యాను గురించి ముందు తెలుసుకోండి.

ఫ్యాను గాలి మనకు చల్లగా తోచేది చెమట ఆరడం వల్ల. ఫోనుకు చెమట పట్టదు. ఫ్యాను చేయగలిగిందల్లా గదిలో ఉన్న గాలినే తెచ్చి ఫోను వీపు మీదికి తోయడం. ఆ గాలికీ ఫోనుకూ మధ్య వేడిలో ఎంత తేడా ఉంటే అంత వేడి బయటికి పోతుంది. డిసెంబరు రాత్రి గది 24 డిగ్రీలు, ఫోను వీపు 44 డిగ్రీలు అనుకోండి. తేడా 20. అదే మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీలుంటే తేడా 4 మాత్రమే. అంటే అదే ఫ్యాను, అదే వేగంతో తిరుగుతూ, చలికాలంలో చేసే పనిలో అయిదో వంతు మాత్రమే చేస్తుంది. చలికాలంలో కొన్నవాళ్ళు మెచ్చుకోవడం, వేసవిలో కొన్నవాళ్ళు తిట్టుకోవడం నేను ఏటా వింటున్నాను. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పోయిన మే నెలలో మా అక్క కొడుకు ఇదే గొడవతో నా దగ్గరికి వచ్చాడు. వాడు డిగ్రీ చదువుతున్నాడు, ఉండేది మేడ మీద గదిలో. మధ్యాహ్నం మూడింటికి స్లాబు నుంచి వేడి దిగుతూ ఉంటుంది. ఆ రోజు గదిలో 39 డిగ్రీలుంది. సరే, వాదన ఎందుకని అక్కడే కూర్చుని చూశాం. ప్రతిసారీ అరగంట ఆట, మధ్యలో ఫోను మామూలు వేడికి వచ్చేదాకా విరామం. వేడిని ఫోను బ్యాటరీ దగ్గరున్న సెన్సారు నుంచి చదివాం. ఆండ్రాయిడ్ ఫోను డెవలపర్ ఆప్షన్లలో USB డీబగ్గింగ్ ఆన్ చేసి, adb అనే సాధనం ఉన్న కంప్యూటరుకు కలిపి, ఈ ఆదేశం ఇస్తే కనిపిస్తుంది:

```
adb shell dumpsys battery
```

అందులో `temperature: 436` అని ఉంటే 43.6 డిగ్రీలు అని అర్థం. కేబులు కలిపితే ఛార్జింగ్ మొదలై వేడి పెరుగుతుంది కనుక ఆట అయిపోయిన వెంటనే ఒక్క క్షణం కలిపి తీసేశాం. సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే ఫ్రేముల సంఖ్యను మాత్రం ఫోనులోని గేమ్ మోడ్ పట్టీలోనే ఆట సాగుతుండగా చూడవచ్చు.

దళసరి రబ్బరు పౌచ్‌తో, ఛార్జర్ పెట్టుకుని, అంటే వాడు రోజూ ఆడే పద్ధతిలోనే ఆడితే 45 దాటింది. పన్నెండో నిమిషంలో 60 ఫ్రేములు కాస్తా 40 దగ్గరికి పడిపోయాయి, తెర వెలుతురు దానంతటదే తగ్గింది. ఫోను పాడైందని వాడి భయం. నిజానికి ఫోను తనను తాను కాపాడుకుంటోంది. వేడి హద్దు దాటగానే చిప్పు వేగాన్ని తగ్గించుకుంటుంది, దానివల్లే ఆట తడబడుతుంది. తర్వాత పౌచ్ తీసేసి, ఛార్జర్ పీకేసి, ఇంటి సీలింగ్ ఫ్యాను కింద ఆడించాను. 43 దగ్గర ఆగింది, ఆట ఇరవయ్యో నిమిషం దాకా బాగానే నడిచింది. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ పైన 350 రూపాయల క్లిప్ ఫ్యాను బిగించాను. సీలింగ్ ఫ్యానుతో పోలిస్తే అర డిగ్రీ తేడా వచ్చింది, రొద మాత్రం బాగా వచ్చింది.

చివరగా పెల్టియర్ కూలర్ పెట్టాం. ఇది వేరే జాతి వస్తువు. ఇందులో ఒక చిన్న పలక ఉంటుంది. కరెంటు పారితే ఒక ముఖం చల్లబడుతుంది, రెండో ముఖం వేడెక్కుతుంది. పెల్టియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1834లో గమనించిన సంగతి ఇది. చల్లని ముఖం ఫోనుకు ఆనుతుంది, వేడి ముఖం మీది వేడిని వెనకనున్న ఫ్యాను ఊడ్చేస్తుంది. అందుకే గది గాలి కంటే చల్లగా చేయగలిగేది ఇదొక్కటే.

వాడు దాన్ని ఫోను నడిమధ్యన బిగించాడు. అరగంట తర్వాత నంబరు 36 చూపించింది. ఆట మాత్రం పదిహేనో నిమిషంలోనే తడబడింది.

"మామా, 36కి దిగింది కదా, మరి ఫ్రేములెందుకు పడిపోయాయి?" అన్నాడు.

దిగింది బ్యాటరీ. వేడెక్కేది చిప్పు. చాలా ఫోన్లలో నడుమ నుంచి కిందికంతా బ్యాటరీయే ఉంటుంది, చిప్పు ఉన్న బోర్డు పైభాగంలో, కెమెరా పక్కన ఉంటుంది. మేము చల్లబరిచింది సెన్సారున్న చోటును, మంట ఉన్న చోటును కాదు. కూలర్‌ను కెమెరా గడ్డ పక్కకు, అంటే రెండంగుళాలు పైకి జరిపాం. ఈసారి బ్యాటరీ 39 చూపించింది, చూడటానికి ముందుకంటే ఘోరం. ఆట మాత్రం అరగంటా 58కి తగ్గకుండా నడిచింది. కాబట్టి కూలర్‌ను బ్యాటరీ నంబరు చూసి మెచ్చుకోకండి, ఫ్రేములు చూసి మెచ్చుకోండి. మీ ఫోనులో వేడి చోటు ఎక్కడో తెలుసుకోవాలంటే పౌచ్ తీసి పది నిమిషాలు ఆడి, వీపు మీద వేలితో మెల్లగా తడమండి. ఒక చోట చురుక్కుమంటుంది. పలక అక్కడే ఆనాలి, వాల్యూమ్ బటన్ మీద క్లిప్పు పడకుండా చూసుకోవాలి. వెనక ప్లాస్టిక్ ఉన్న ఫోన్లలో ఫలితం కాస్త తక్కువగా ఉంటుంది, పౌచ్ మీద బిగిస్తే దాదాపు ఏమీ ఉండదు.

కొనేటప్పుడు ఒక మోసం గురించి జాగ్రత్త. బయట మంచు బొమ్మ, నీలి లైట్లు, లోపల ఒట్టి ఫ్యానూ ఒక ఇనుప రేకూ ఉండే సరుకు చాలా వస్తోంది. మీ మూడు కలిపిన 1,500లో ఉన్నది అదేనని నా అనుమానం. దుకాణంలోనే ఛార్జరుకు కలిపి ఒక నిమిషం ఆగి పలక ముట్టుకోండి. నిజమైనదైతే ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసాలా చల్లగా ఉంటుంది, వెనక నుంచి వెచ్చని గాలి వస్తుంది. వెచ్చని గాలి రాకపోతే అందులో ఏమీ జరగడం లేదు. దీనికి సుమారు పది వాట్ల కరెంటు కావాలి కనుక పవర్‌బ్యాంకు నుంచో గోడ ఛార్జరు నుంచో ఇవ్వండి, ఫోను నుంచి కాదు.

దీనికి రెండు చెడ్డ రోజులున్నాయి. ఒకటి, దుమ్ము పట్టి ఫ్యాను ఆగిపోయిన రోజు. అప్పుడు వేడి ముఖం మీది వేడి వెనక్కి పాకి, చల్లగా ఉండాల్సిన పలకే ఇస్త్రీపెట్టెలా ఫోనును కాలుస్తుంది. రొద ఆగిపోతే వెంటనే పీకేయండి. రెండోది వానాకాలం. ఎండాకాలంలో మన గాలి పొడిగా ఉంటుంది. 38 డిగ్రీల వేడి, పాతిక శాతం తేమ ఉన్నప్పుడు పలక 15 డిగ్రీల లోపుకు దిగితే గానీ నీరు పట్టదు. వాన వెలిసిన సాయంత్రం 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీలకే చెమర్చడం మొదలవుతుంది. జూలైలో ఒకాయన మైకు పనిచేయడం లేదని ఫోను తెచ్చాడు. సిమ్ ట్రే దగ్గర తడి తగిలితే రంగు మారే తెల్ల చీటీ ఎర్రబడి ఉంది. నీళ్ళలో పడలేదని ఒట్టేశాడు. పడలేదు నిజమే, రోజూ రెండు గంటలు కూలర్ కింద చెమర్చింది. ముసురు రోజుల్లో అది అక్కర్లేదు, సీలింగ్ ఫ్యాను చాలు.

వేలి తొడుగుల సంగతి తేలిక. బట్టలో వెండి పూత దారమో కార్బన్ దారమో నేస్తారు, దాని గుండా తెర మీ వేలిని గుర్తిస్తుంది. చెమట వేలు ఒకచోట అతుక్కుని, గట్టిగా తోస్తే ఒక్కసారిగా జారుతుంది. గురి తప్పేది అక్కడే. తొడుగు ఉంటే ఒకే తీరుగా జారుతుంది. మీ బాధ సరిగ్గా ఇదే కనుక వందలోపు పెట్టి ఒక జత కొనుక్కోండి, బొటనవేళ్ళకు చాలు. రోజూ ఆడితే రెండు మూడు నెలలకు దారం అరిగి, వేలు పెట్టినా అప్పుడప్పుడు పలకదు. మెల్లగా గీసినప్పుడు గీత మధ్యలో తెగితే మార్చే సమయం వచ్చినట్టు. చెమటతో తడిసినప్పుడు ఒట్టి నీళ్ళలో జాడించి నీడన ఆరేయండి, సబ్బుతో రుద్దకండి. కొందరు వేళ్ళకు పౌడరు రాసుకుంటారు. పది నిమిషాలు బాగానే ఉంటుంది, తర్వాత ఆ పిండి చేరేది స్పీకరు జల్లెడలోకి. దాన్ని గీకి తీసేది నేనే.

ఇక ట్రిగ్గర్లు. ఇవి వేగాన్ని పెంచవు, పనిని పంచుతాయి. రెండు బొటనవేళ్ళే నడవడం, గురి చూడడం, కాల్చడం అన్నీ చేస్తుంటే, కాల్చే పనిని చూపుడువేలికి ఇస్తాయి. మీట నొక్కితే అడుగునున్న మెత్తని ముక్క తెరను తాకుతుంది, మీ వేలి స్పర్శే లోహం గుండా అక్కడికి చేరుతుంది. కనుక ఆట సెట్టింగుల్లో కాల్చే బటన్‌ను సరిగ్గా ఆ ముక్క కిందికి జరపాలి. దళసరి గాజు స్క్రీన్‌గార్డు ఉంటే మూడింట ఒక నొక్కు అందకపోవచ్చు. అంచులు వంపు తిరిగిన తెర అయితే కొననే వద్దు. మా వాడు మొదటి వారం మునుపటికంటే ఎక్కువగా ఓడిపోయాడు, మూడో వారానికి చేయి అలవాటు పడింది. తర్వాత ఊళ్ళో ఒక పోటీకి వెళితే అక్కడ ట్రిగ్గర్లు తీసేయమన్నారు. మళ్ళీ మొదటికొచ్చాడు. పోటీల ఆలోచన ఉంటే ముందు నిబంధనలు చదవండి, లేదా ఆ మూడు వారాలూ ఏ వస్తువూ లేకుండా నాలుగు వేళ్ళతో ఆడడం నేర్చుకోండి. ఇంకో చిక్కు ఉంది. ట్రిగ్గర్ బిగించే చోటుకూ కెమెరా పక్కన కూలర్ ఉండాల్సిన చోటుకూ తగాదా. చాలా ఫోన్లలో రెండూ కలిసి పట్టవు.

మీ 1,500 నా చేతికిస్తే తొడుగులకు వంద, దుకాణంలో సోడా సీసా పరీక్ష నెగ్గిన కూలర్ దొరికితే దానికి మిగిలింది. దొరకకపోతే పౌచ్ తీసి, ఛార్జర్ పీకి, సాయంత్రం ఆరు దాటాక ఆడుకోండి.