‘ఇంగ్’ చేరిన మాటకు కర్త ఎవరు?

సందేహం: ఇంగ్లిష్‌లో చివర ‘ఇంగ్’ ఉన్న మాటను ఒకచోట జెరండ్ అంటారు, ఒకచోట ప్రెజెంట్ పార్టిసిపుల్ అంటారు, ఇంకోచోట అడ్జెక్టివ్ అంటారు. తెలుగులోకి మార్చుకుని ‘డం’ వస్తే జెరండ్, ‘తూ’ వస్తే పార్టిసిపుల్ అనుకోమని మా మాస్టారు చెప్పేవారు. మరి ‘డ్రింకింగ్ వాటర్’ను మనం ‘తాగే నీరు’ అంటాం. అక్కడ ‘డం’ లేదు, ‘తూ’ లేదు. అదేమవుతుంది? అసలు ఏ పేరు పెడితే ఏం, అర్థం తెలిస్తే చాలదా?

సమాధానం: మీ మాస్టారి కిటుకు మంచిదే. అయితే అది కొన్నిచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల చెయ్యివ్వడమే కాదు, తప్పుదారి కూడా పట్టిస్తుంది. ముందు పనిచేసే చోటు చూద్దాం.

‘హిజ్ జాబ్ ఈజ్ టీచింగ్’, ‘హి ఈజ్ టీచింగ్’, ‘హిజ్ జాబ్ ఈజ్ బోరింగ్’. మూడింటిలోనూ ‘ఈజ్’ తరవాత ‘ఇంగ్’ మాటే ఉంది. తెలుగులో చెప్పుకోగానే మూడూ మూడు దారులు పడతాయి. ‘అతని ఉద్యోగం పాఠాలు చెప్పడం’, ‘అతను పాఠం చెబుతున్నాడు’, ‘అతని ఉద్యోగం విసుగ్గా ఉంటుంది’. మొదటిది జెరండ్, రెండోది పార్టిసిపుల్, మూడోది అడ్జెక్టివ్. రెండోదాంట్లో ‘తూ’ కనపడలేదని కంగారు పడకండి. ‘చెబుతూ ఉన్నాడు’ అన్నదే కుదించుకుపోయి ‘చెబుతున్నాడు’ అయింది. మన వ్యాకరణాల్లో ‘చేయుట’ వంటిది భావార్థకం, ‘చేయుచు’ వంటిది శత్రర్థకం. తెలుగు ఈ రెండింటికీ వేరువేరు ప్రత్యయాలు పెట్టుకుంది కాబట్టే మీ మాస్టారి కిటుకు ఇక్కడ చక్కగా నడుస్తుంది.

చిక్కు నామవాచకానికి ముందు వస్తుంది. ‘డ్రింకింగ్ వాటర్’ తాగే నీరు, ‘రన్నింగ్ వాటర్’ పారే నీరు. తెలుగులో రెండూ ఒకే అచ్చు. కానీ లోపలి సంబంధం చూడండి. పారే నీటిలో పారేది నీరే, అంటే నీరు కర్త. తాగే నీటిలో నీరు కర్మ, తాగేది ఇంకెవరో. ‘రాసే కలం’ అంటే కలం కరణం, అంటే రాయడానికి సాధనం. కర్త కానివ్వండి, కర్మ కానివ్వండి, కరణం కానివ్వండి, మన ‘ఏ’ రూపం అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. తెలుగు ఇక్కడ తేడా చూపించదు కనుక తెలుగును అడిగి లాభం లేదు.

అడగవలసింది కర్తను. ‘ఇంగ్’ మాట చెప్పే పని దాని పక్కనున్న నామం చేస్తోందా? నీరు పారుతుంది, కాబట్టి ‘రన్నింగ్ వాటర్’లోది పార్టిసిపుల్. నీరు తాగదు, కాబట్టి ‘డ్రింకింగ్ వాటర్’లోది జెరండ్. తాగడానికి పనికొచ్చే నీరు అని దాని విడమరుపు. ‘స్లీపింగ్ చైల్డ్’లో పిల్లాడు నిద్రపోతున్నాడు, ‘స్లీపింగ్ బ్యాగ్’లో సంచి నిద్రపోదు. నిద్రపోయే సంచి ఎక్కడైనా ఉంటే దాని సంగతి వేరు!

ఈ పరీక్షకు కూడా లొంగనివి కొన్ని ఉన్నాయి. ‘డాన్సింగ్ టీచర్’ అంటే నాట్యం నేర్పే టీచరూ కావచ్చు, అప్పుడు నాట్యం చేస్తున్న టీచరూ కావచ్చు. రెండు అర్థాల్లోనూ మనిషి నాట్యం చెయ్యగలదు కాబట్టి కర్త ప్రశ్నకు రెండు వైపులా జవాబు వస్తుంది. నోటితో చెప్పేటప్పుడు ఇంగ్లిష్ వాళ్లు ఊనికతో తేడా చూపిస్తారు. నేర్పే టీచర్ అయితే బలమంతా ‘డాన్సింగ్’ మీదే పడుతుంది, ‘టీచర్’ తేలిపోతుంది. చేస్తున్న టీచర్ అయితే ‘టీచర్’ను కూడా నొక్కి పలుకుతారు. కాగితం మీద ఆ ఊనిక కనపడదు, ముందూ వెనకా వాక్యాలే దిక్కు.

ఇప్పుడు మీ మాస్టారి కిటుకు తప్పుదారి పట్టించే చోటు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది పడేది ఇక్కడే. ‘ఐ సా హిమ్ క్రాసింగ్ ద రోడ్’. తెలుగులో సహజంగా ‘అతను రోడ్డు దాటడం చూశాను’ అంటాం. ‘డం’ వచ్చింది కదా అని జెరండ్ అని రాసేస్తారు. అది పార్టిసిపుల్. చూసినది ‘అతన్ని’, అతను ‘దాటుతూ ఉండగా’. ‘ఐ హేట్ హిమ్ స్మోకింగ్’ పైకి అచ్చం అలాగే ఉంటుంది గాని, అక్కడ నాకు గిట్టనిది అతను కాదు, అతను పొగ తాగడం. అందుకే అది జెరండ్.

ఇంత దగ్గరగా ఉన్నవాటిని విడదీయడానికి రెండు పట్లు ఉన్నాయి. ‘హిమ్’ తీసేసి ‘హిజ్’ పెట్టండి. ‘ఐ హేట్ హిజ్ స్మోకింగ్’ నిలుస్తుంది. ‘ఐ సా హిజ్ క్రాసింగ్ ద రోడ్’ అదే అర్థంలో నిలవదు. ఇక రెండోది, వాక్యాన్ని కర్మణిలోకి తిప్పండి. ‘హి వాజ్ సీన్ క్రాసింగ్ ద రోడ్’ బాగానే ఉంది. ‘హి ఈజ్ హేటెడ్ స్మోకింగ్’ అని ఎవరూ అనరు. మొదటి వాక్యంలో ‘హిమ్’ ఒక్కటే ‘సా’కు కర్మ కాబట్టి విడిగా ముందుకు వచ్చింది. రెండోదాంట్లో ‘హిమ్ స్మోకింగ్’ మొత్తం కలిసి కర్మ అయింది, ముక్క విరిచి తేవడానికి లేదు.

ఇక అడ్జెక్టివ్. ముందు ‘వెరీ’ పెట్టి చూడటం తేలిక. ‘వెరీ బోరింగ్’ సరే, ‘వెరీ స్లీపింగ్ చైల్డ్’ కుదరదు. ‘సీమ్స్’ తరవాత పెట్టి చూడటమూ అంతే. ‘ద జాబ్ సీమ్స్ బోరింగ్’ అంటారు, ‘ద చైల్డ్ సీమ్స్ స్లీపింగ్’ అనరు. కాబట్టి ‘స్లీపింగ్ చైల్డ్’లోది నామం ముందు నిలబడినా పార్టిసిపులే. నామం ముందున్న ప్రతిదీ అడ్జెక్టివ్ అనే అలవాటు ఒకటుంది, దాన్ని వదిలించుకోవాలి.

‘షి ఈజ్ ఎంటర్‌టెయినింగ్’ అన్నప్పుడు ‘ఆవిడ సరదా మనిషి’ అని అర్థమైతే అడ్జెక్టివ్. తరవాత ‘హర్ గెస్ట్స్’ చేర్చండి, ఒక్కసారిగా అది క్రియ అయిపోతుంది, ‘ఆవిడ అతిథులను అలరిస్తోంది’ అని. కర్మను నేరుగా పట్టుకోగలిగేది క్రియే. ఆ రెండో వాక్యంలో ‘వెరీ’ పెట్టబోతే పట్టదు.

అర్థం తెలిస్తే చాలదా అన్నారు. అర్థమే రెండుగా చీలిన వాక్యం ఒకటి చూడండి. ‘ఫ్లయింగ్ ప్లేన్స్ కెన్ బి డేంజరస్’. భాషాశాస్త్రం చదివేవాళ్ల చేతుల్లో బాగా నలిగిన ఉదాహరణ ఇది. జెరండ్ అనుకుంటే ‘విమానాలు నడపడం ప్రమాదకరం కావచ్చు’. పార్టిసిపుల్ అనుకుంటే ‘ఎగిరే విమానాలు ప్రమాదకరం కావచ్చు’. తెలుగులో క్రియే మారిపోయిందని గమనించారా? ఇంగ్లిష్‌లో ‘ఫ్లై’ ఎగరడానికీ, నడపడానికీ ఒకటే. మనకు రెండు వేరు.

ఈ వాక్యాన్ని విడదీస్తే మొదటి అర్థంలో ‘ఫ్లయింగ్’ ప్రధానం, ‘ప్లేన్స్’ దాని కర్మ. ఆ గుత్తి మొత్తం వాక్యానికి కర్త. పని ఒక్కటే కాబట్టి ఏకవచనం. రెండో అర్థంలో ‘ప్లేన్స్’ ప్రధానం, ‘ఫ్లయింగ్’ దాన్ని వర్ణించే పార్టిసిపుల్, కర్త బహువచనం. ‘కెన్’కు వచనభేదం లేదు కాబట్టి రెండు అర్థాలూ ఇరుక్కున్నాయి. ‘కెన్ బి’ తీసి ‘ఈజ్’ పెట్టండి, నడపడం ఒక్కటే మిగులుతుంది. ‘ఆర్’ పెట్టండి, ఎగిరే విమానాలే మిగులుతాయి. మీరు పెట్టే పేరును బట్టి ఆ వాక్యానికి కర్త ఏదో, క్రియ ఏ వచనంలో ఉండాలో తేలుతోంది. రాసేవాడు ఇది చూసుకోకపోతే ‘రీడింగ్ ఓల్డ్ లెటర్స్ ఆర్ ప్లెజెంట్’ అని పక్కనున్న బహువచనాన్ని చూసి ‘ఆర్’ పెట్టేస్తాడు. ఉండవలసింది ‘ఈజ్’.

వాక్యం మొదట్లో ‘ఇంగ్’ వచ్చినప్పుడు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. ‘వాకింగ్ అలోన్ ఎట్ నైట్ ఈజ్ రిస్కీ’లో వాకింగ్ గుత్తి అంతా కర్త. ‘వాకింగ్ అలోన్ ఎట్ నైట్, హి హర్డ్ ఎ క్రై’లో కర్త ‘హి’, వాకింగ్ అతన్ని ఆశ్రయించి ఉంది. మొదటి నాలుగు మాటలూ ఒకటే. తరవాత నేరుగా క్రియ వచ్చిందా, కామా పెట్టి వేరే కర్త వచ్చిందా అన్నదాన్ని బట్టి నిర్ణయం. పార్టిసిపుల్ అని తేలితే ఇంకొక పని మిగిలి ఉంటుంది, నడిచింది ఎవరో చూసుకోవాలి. ‘వాకింగ్ అలోన్ ఎట్ నైట్, ఎ క్రై వాజ్ హర్డ్’ అని రాస్తే కేక నడిచినట్టు వస్తుంది. మన ‘తూ’కు కూడా ఈ నియమం ఉంది. ‘రాత్రి ఒంటరిగా నడుస్తూ కేక వినపడింది’ అంటే చెవికి గుచ్చుకుంటుంది, ‘నడుస్తూ ఉండగా’ అని సర్దుకుంటాం. కర్తలు వేరైనప్పుడు ‘ఉండగా’ అనే వెసులుబాటు మనకుంది. ఇంగ్లిష్‌లో ‘వైల్ హి వాజ్ వాకింగ్’ అని కర్తను పైకి తేవలసిందే. జెరండ్‌తో ఈ బెడద చాలావరకు ఉండదు, అది తానే కర్త స్థానంలో కూర్చుంటుంది కాబట్టి.

రెండు పనులకు ఒకే ప్రత్యయం ఎందుకు వచ్చిందంటే, మొదట ఒకటి కాదు. ప్రాచీన ఇంగ్లిష్‌లో క్రియానామానికి ‘ఉంగ్’ లేదా ‘ఇంగ్’, పార్టిసిపుల్‌కు ‘ఎండె’ ఉండేవి, మన ‘ట’, ‘చు’ లాగా విడివిడిగా. మధ్యకాలపు ఇంగ్లిష్‌లో అవి కలిసిపోయి ‘ఇంగ్’ ఒక్కటే మిగిలింది. ఈ కలయిక పూర్తయిపోయిందనీ, ఇక రెండు పేర్లు అనవసరమనీ చెప్పే వ్యాకర్తలు ఇప్పుడున్నారు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం రెండింటినీ కలిపి ‘జెరండ్-పార్టిసిపుల్’ అనే ఒకే క్రియారూపంగా చూపింది. ‘బోరింగ్’ వంటి అడ్జెక్టివ్‌లను, ‘బిల్డింగ్’ వంటి నామాలను మాత్రం అదీ వేరుగానే ఉంచింది. రూపానికి ఒకే పేరు పెట్టడం నాకూ సబబుగానే తోస్తుంది. కానీ ఆ పేరు వాడినంత మాత్రాన ‘ఫ్లయింగ్ ప్లేన్స్’లో కర్త ఏదో తేలిపోదు, ఆ విడదీత ఎలాగూ చేసుకోవలసిందే. మీరు రాసే పరీక్షలో పాత పేర్లే అడుగుతారు గనక ‘డ్రింకింగ్ వాటర్’కు జెరండ్ అనే రాయండి, పక్కన ‘వాటర్ ఫర్ డ్రింకింగ్’ అని విడమరిచి చూపండి.