రాయల్టీ లేదన్న ఫ్రాంచైజీలో లాభం ఎవరికి, ఏ క్లాజులో దాగి ఉంటుంది?

"మా అబ్బాయి బీటెక్ పూర్తయి ఏడాదైంది, ఉద్యోగం రాలేదు. ఎంబీఏ చేయమంటే వినడం లేదు, టీ-స్నాక్స్ ఫ్రాంచైజీ తీసుకుంటానంటున్నాడు. ఫీజు 5 లక్షలు, అన్నీ కలిపి 18 లక్షలట. రాయల్టీ లేదంటున్నారు. వారంలో టోకెన్ కట్టాలట. ఒప్పందం వాడి పేరున, పూచీ నా పేరున. సంతకానికి ముందు ఏ క్లాజులు చూడాలి? ఎంబీఏ మేలా, ఇది మేలా?" - ఒక తండ్రి, గుంటూరు

ముందుగా ఒక మాట. బీటెక్ తర్వాత ఏడాది ఖాళీ రావడం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నదే, దాన్ని పూడ్చుకోవడానికి వారంలోగా ఏదో ఒకటి తేల్చేయనక్కర్లేదు. మిమ్మల్ని తొందరపెడుతున్నది మీ అబ్బాయి వయసు కాదు, కంపెనీ ప్రతినిధి పెట్టిన గడువు. టోకెన్ కట్టేముందు ఒప్పందం పూర్తి ముసాయిదా, అనుబంధాలతో సహా అడగండి. ఆ ముసాయిదా చూశాక మానుకుంటే టోకెన్ తిరిగి ఇస్తారా, ఇవ్వరా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. అమెరికాలో సంతకానికి 14 రోజుల ముందే కంపెనీ తన వివరాలన్నీ ఇచ్చి తీరాలన్న నిబంధన ఉంది. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు, కాబట్టి అడిగి రాబట్టుకోవలసింది మీరే.

"రాయల్టీ లేదు" అన్న మాట మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. కంపెనీ తన పేరు ఊరికే ఇవ్వదు. రాయల్టీ తీసుకోనిచోట సరుకు ధరలో తీసుకుంటుంది. అందుకే ముందు చదవవలసింది సరఫరా క్లాజు. టీపొడి, మసాలా, బేకరీ సరుకు, కప్పులు, చివరికి పంచదార కూడా తమ దగ్గరే కొనాలని, ధర ఎప్పుడైనా మార్చే హక్కు తమదేనని అందులో ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. జీఎస్టీ పోను నెలకు 4 లక్షల అమ్మకం అనుకోండి. మొదటి కంపెనీ 6 శాతం రాయల్టీ తీసుకుంటుంది, సరుకు మాత్రం బజారు ధరకు, అమ్మకంలో 35 శాతానికి వస్తుంది. రాయల్టీ 24,000, దానిపై 18 శాతం జీఎస్టీ 4,320, సరుకు 1,40,000, వెరసి 1,68,320. రెండో కంపెనీకి రాయల్టీ లేదు, కానీ వాళ్ల సరుకు అమ్మకంలో 45 శాతం పడుతుంది, అంటే 1,80,000. రాయల్టీ లేని కంపెనీకే నెలకు 11,680 ఎక్కువ కట్టారన్నమాట. ఇక అద్దె 60,000, జీతాలు 80,000, కరెంటు, గ్యాస్ 25,000. అమ్మకంలో 1,60,000 డెలివరీ యాప్‌ల ద్వారా జరిగితే, 25 శాతం కమీషన్, దానిపై జీఎస్టీ కలిపి 47,200. ఇవన్నీ తీసేస్తే మొదటి కంపెనీలో 19,480, రెండోదానిలో 7,800 మిగులుతాయి. 18 లక్షలు పెట్టి నెలకు 7,800 అంటే, పెట్టుబడి రావడానికి 19 ఏళ్లు పడుతుంది. ఒప్పందం గడువేమో సాధారణంగా ఐదేళ్లు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కూర్చుని తినే చిన్న హోటళ్లు, టీ కేంద్రాలు 5 శాతం జీఎస్టీలో ఉంటాయి కాబట్టి, ఫీజు మీద, రాయల్టీ మీద కట్టిన 18 శాతం పన్నును తిరిగి సర్దుకోవడానికి వీల్లేదు. అది నేరుగా ఖర్చే. మీకు చెప్పిన 5 లక్షలు జీఎస్టీతో కలిపా, లేక పైన ఇంకో 90,000 ఉందా అన్నది ఈ రోజే అడగండి.

సరఫరా క్లాజులో మార్పులు అడిగితే కంపెనీ కొంతైనా దిగిరావచ్చు. ధరల పట్టికను ఒప్పందానికి అనుబంధంగా జతచేయమనండి. ధర పెంచేముందు కనీసం 30 రోజుల నోటీసు, ఏడాదికి ఇంత శాతం దాటరాదన్న హద్దు రాయించండి. వాళ్ల ప్రత్యేక మిశ్రమం తప్ప పాలు, పంచదార, గ్యాస్ స్థానికంగా కొనే హక్కు ఉండాలి. సరుకు సమయానికి పంపకపోతే బయట కొనవచ్చని కూడా రాయించండి. నెలకు కనీస కొనుగోలు అని ఒక వాక్యం కనబడితే అక్కడ ఆగండి, అమ్మకం పడిపోయిన నెలలో కూడా ఆ సరుకు మీ నెత్తిన పడుతుంది. మార్కెటింగ్ ఫండ్, సాఫ్ట్‌వేర్ రుసుము వేరే పేజీలో ఉన్నాయేమో, కంపెనీ యాప్‌లో ప్రకటించే తగ్గింపు ఎవరి జేబులోంచి పోతుందో కూడా చూడండి.

తర్వాత ప్రాంతం. "రెండు కిలోమీటర్ల పరిధి మీదే" అంటారు. ఆ పరిధి కొత్త దుకాణాలకే వర్తిస్తుందా, కంపెనీ సొంత కేంద్రాలకు, డెలివరీ కోసమే వండే క్లౌడ్ కిచెన్లకు, అదే యజమాని నడిపే మరో బ్రాండుకు కూడా వర్తిస్తుందా అన్నది చదవాలి. యాప్‌లో ఆర్డరు ఆ రెండు కిలోమీటర్లు దాటి కూడా వెళుతుంది కాబట్టి, పక్క పేటలో వాళ్ల క్లౌడ్ కిచెన్ తెరిస్తే మీ దుకాణం మూతపడకుండానే అమ్మకం తగ్గుతుంది.

గడువు విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు అద్దె పత్రంలో ఉంటుంది. ఫ్రాంచైజీ ఒప్పందం ఐదేళ్లకు, దుకాణం అద్దె పత్రం మాత్రం 11 నెలలకు రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి ఇలా చేస్తారు. 12వ నెలలో యజమాని ఖాళీ చేయమంటే, ఇంటీరియర్‌కు పోసిన డబ్బు గోడలకే అతుక్కుపోతుంది, పైగా మధ్యలో మానుకోకూడదని రాసుకున్న లాకిన్ గడువులో మూసినందుకు మిగిలిన కాలానికి పరిహారం కట్టమని కంపెనీ నోటీసు పంపుతుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం కోర్టు సహేతుకమైన పరిహారమే ఇప్పించగలదు, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ హద్దు మాత్రమే. అయితే వివాదం దూరపు నగరంలో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు, వెళ్లేలా రాసి ఉంటే, ఆ వాదన వినిపించడానికే మీకు బోలెడంత ఖర్చవుతుంది. ఒప్పందం ముగిశాక ఇదే వ్యాపారం చేయరాదన్న నిషేధం సెక్షన్ 27 కింద నిలవడం కష్టం. ఒప్పందం నడుస్తున్నంత కాలం మాత్రం అది చెల్లుతుంది.

"ఒప్పందంలో లేని ఏ మాటా చెల్లదు" అన్న వాక్యం దాదాపు ప్రతి ముసాయిదా చివరి పేజీల్లో ఉంటుంది. పెట్టుబడి ఇన్ని నెలల్లో వస్తుందని కంపెనీ ప్రతినిధి వాట్సాప్‌లో పట్టిక పంపి ఉంటే, దాన్ని మీ సంతకంతో మీరే రద్దు చేస్తున్నారన్నమాట. ఆ పట్టికను అనుబంధంగా చేర్చమనండి, వాళ్లు వెనకాడితే దాని విలువ మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ పూచీ గురించి. కొంచెం కటువుగా చెబుతాను. అబ్బాయి వ్యాపారం చేస్తాడు, తండ్రి ఇల్లు పూచీకి పెడతాడు అన్నది ప్రేమ అనిపించుకోదు. అపరిమితమైన వ్యక్తిగత పూచీ అంటే, అవుట్‌లెట్ మూసినా సరుకు బకాయి, పరిహారం మీ ఆస్తి మీదికే వస్తాయి. వాడు మీ దగ్గర ఎంబీఏకు వద్దని గట్టిగా నిలబడినంత గట్టిగా, మీరు కంపెనీ ముందు ఈ క్లాజు తీసేయమని నిలబడాలి. పూచీ పూర్తిగా తీసేయలేమంటే, ఇంత మొత్తం దాటరాదని, లేదా డిపాజిట్ వరకే పరిమితమని రాయించండి.

ఎంబీఏ, ఫ్రాంచైజీ ఏది మేలని అడిగారు. మీ ప్రశ్నకు రెండుమూడు నెలల్లో మీ అబ్బాయే జవాబు తెచ్చుకోగలడు. అదే బ్రాండు నడుస్తున్న అవుట్‌లెట్‌లో జీతానికి చేరమనండి. రోజు బిల్లులు, సరుకు ఇన్‌వాయిస్‌లు, పడేసిన సరుకు, యాప్ కోతలు రాసుకుంటే పైన నేను వేసిన లెక్క వాడి సొంత అంకెలతో తయారవుతుంది. కంపెనీని మూసేసిన అవుట్‌లెట్ల చిరునామాలు కూడా అడగండి, ఇవ్వకపోతే ఆ వీధుల్లోని కిరాణావాళ్లను అడిగితే సరిపోతుంది. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో బ్రాండు పేరు రిజిస్టరైందా, దరఖాస్తు దశలోనే ఉందా అన్నది చూడటానికి పది నిమిషాలు చాలు. ఈ వారం టోకెన్‌కు బదులు, ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో పంపి, జవాబులు కూడా ఈమెయిల్‌లోనే ఇమ్మనండి.