పిల్లికి బెల్లం నీళ్లలో మందు కలిపితే నురగ కక్కుతోంది

> "మాత్ర పొడి చేసి బెల్లం నీళ్లలో కలిపి పట్టిస్తే నురగ కక్కుతోంది. ఐస్‌క్రీమ్ అయితే నాకేస్తుంది. మరి తీపి ఇష్టమే కదా?"

బెల్లం తీపి దానికి తెలియదు, మందు చేదు మాత్రం తెలుస్తుంది. ఆ నురగ చేదుకి ఊరిన చొంగే అయ్యుంటుంది.

తీపిని పట్టే గ్రాహకానికి రెండు ప్రొటీన్లు జతకావాలి. పిల్లిలో ఒకదాని జన్యువు, Tas1r2, చెడిపోయింది. అందులో 247 డీఎన్ఏ అక్షరాల ముక్కే లేదు. 2005లో బయటపడిన సంగతిది. రెండోది బాగానే ఉంది, అది మాంసం రుచి పట్టడానికి పనికొస్తుంది. ఐస్‌క్రీమ్‌లో దాన్ని లాగేది కొవ్వు, పాల వాసన.

1. ఆ మాత్ర తిండితో ఇవ్వొచ్చా అని డాక్టర్‌ని అడగండి.
2. పొడి చేయకండి. చేదు నోరంతా పాకేది అలాగే.
3. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్‌ని మెత్తగా చేసి, గోరువెచ్చగా మూడు చిన్న ఉండలు చేయండి.
4. అందరూ వదిలేసేది ఇదే: మొదటి ఉండ ఉత్తిది పెట్టాలి. అది మింగాకే మాత్ర ఉన్నది, వెంటనే మూడోది ఉత్తిది. వెనకాల ఇంకోటి కనిపిస్తే నమలకుండా మింగుతుంది, మాత్ర గొంతులో అంటుకోదు.

మాత్ర ఇవ్వకపోయినా నురగ వస్తుంటే డాక్టర్‌కి చూపించండి.